ఆఫీసు పనిమీద విదేశం వెళ్ళినప్పుడు సొంత సెలవులు కలుపుకోవడం ఎలా? తేదీల లెక్క నుంచి రాతపూర్వక అనుమతి దాకా

ఆఫీసు పనిమీద రెండు వారాలు యూరప్ వెళ్తున్నాం, అక్కడే ఇంకో వారం ఉండి నాలుగు ఊళ్ళు చూసి వస్తే బాగుంటుంది అనుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళు పదేపదే అడిగేది ఒకటే: "మేనేజర్ సరే అన్నారు, పోర్టల్‌లో లీవ్ అప్రూవ్ అయింది. ఇంకేం కావాలి?"

ఇంకా కావాలి. పోర్టల్‌లో లీవ్ అప్రూవ్ అయిందంటే ఆ రోజుల్లో మీరు పని చేయనక్కర్లేదని మాత్రమే అర్థం. కంపెనీ టికెట్‌తో వెళ్ళి తిరుగు ప్రయాణాన్ని వారం వెనక్కి జరుపుకోవచ్చని గానీ, పెరిగిన ఛార్జీ ఎవరు కట్టాలన్నది గానీ, ఆ వారంలో ఆసుపత్రి పాలైతే ఎవరి ఇన్సూరెన్స్ వర్తిస్తుందన్నది గానీ అందులో ఎక్కడా ఉండదు. ఈ మూడింటికీ జవాబు ఒక్క మెయిల్‌లో, టికెట్ తీయకముందే ఉండాలి.

అన్ని అడుగులకూ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీలో టెస్ట్ లీడ్‌గా ఉన్న అమ్మాయి. 2026 సెప్టెంబర్ 7, సోమవారం నుంచి 18, శుక్రవారం దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్లయింట్ ఆఫీసులో పని. ఆ తర్వాతి వారం సెలవు పెట్టి ప్రాగ్, వియన్నా చూసి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే ఇంటికి రావాలన్నది ఆమె ఆలోచన.

## 1. ముందు పాలసీ చదవండి, తర్వాతే అడగండి

కంపెనీ ట్రావెల్ పాలసీ ఇంట్రానెట్‌లో ఉంటుంది. అందులో "పర్సనల్ ట్రావెల్", "డీవియేషన్", "ఎక్స్‌టెండెడ్ స్టే" లాంటి మాటల కోసం వెతకండి. దొరకకపోతే ట్రావెల్ డెస్క్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే జవాబు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.

పాలసీలో చూడాల్సినవి:

- ఆఫీసు ట్రిప్‌కి సొంత రోజులు కలపడాన్ని అనుమతిస్తారా? గరిష్ఠంగా ఎన్ని రోజులు?
- అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? మీ రిపోర్టింగ్ మేనేజరా, ప్రయాణ ఖర్చు ఎవరి బడ్జెట్‌లో పడుతుందో వాళ్ళా, ఇద్దరూనా?
- సెలవుకి ముందూ వెనకా వచ్చే శని, ఆదివారాలు కూడా సెలవు కింద లెక్కపడతాయా?
- కంపెనీ ట్రావెల్ ఇన్సూరెన్స్ సొంత రోజులకు వర్తిస్తుందా?

రెండో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. రిపోర్టింగ్ మేనేజర్‌కి లీవ్ ఇచ్చే అధికారం ఉంటుంది. టికెట్ డబ్బు మాత్రం ప్రాజెక్ట్ బడ్జెట్‌లోంచి పోతుంది, దానికి బాధ్యుడు వేరే మనిషి. మొదటివాళ్ళు సరే అన్నాక రెండోవాళ్ళకి ఆ సంగతి క్లెయిమ్ దశలో తెలిస్తే అక్కడే ఆగిపోతుంది. మన ఉదాహరణలో అమ్మాయి మేనేజర్ హైదరాబాద్‌లో, బడ్జెట్ చూసే డెలివరీ మేనేజర్ బెంగళూరులో. కాబట్టి ఇద్దరి అనుమతీ కావాలి.

## 2. ఆఫీసు రోజులు ఎక్కడ ముగుస్తాయో పూటతో సహా రాసుకోండి

అనుమతి అడిగేముందు ఒక కాగితం మీద తేదీలన్నీ వేసుకోండి. "రెండు వారాలు ఆఫీసు, ఒక వారం సొంతం" అంటే సరిపోదు. ఏ తేదీన, ఏ పూట నుంచి ఖర్చు మీదవుతుందో తేలాలి. అందుకు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: సెలవు పెట్టకపోయి ఉంటే నేను ఎప్పుడు తిరిగి వచ్చేవాణ్ణి?

మన అమ్మాయికి పని శుక్రవారం 18 సాయంత్రంతో అయిపోతుంది. సెలవు లేకపోతే శనివారం 19న విమానం ఎక్కేది. అంటే శుక్రవారం రాత్రి హోటల్ కంపెనీది. శనివారం పొద్దున చెకౌట్ చేసిన క్షణం నుంచి ఖర్చు ఆమెది. లెక్క ఇలా వచ్చింది:

- సెప్టెంబర్ 5, శనివారం రాత్రి: ఇంటి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి
- సెప్టెంబర్ 6, ఆదివారం: తెల్లవారుజామున విమానం, అదే రోజు ఫ్రాంక్‌ఫర్ట్
- 7 నుంచి 18 వరకు: పని
- 6 నుంచి 18 వరకు 13 రాత్రులు: హోటల్ కంపెనీ ఖర్చు
- 19, 20: శని, ఆదివారాలు, ఆఫీసు పని లేదు, సొంత ఖర్చు
- 21 నుంచి 25 వరకు: 5 రోజుల సెలవు
- 19 నుంచి 25 వరకు 7 రాత్రులు: హోటల్ సొంత ఖర్చు
- 26, శనివారం: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరుగు ప్రయాణం
- 27, ఆదివారం: హైదరాబాద్ చేరడం
- 28, సోమవారం: డ్యూటీలో చేరడం

ఇందులో రెండుచోట్ల జాగ్రత్తగా ఉండాలి. యూరప్ వైపు వెళ్ళే విమానాలు చాలా వరకు హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. మన నోటి మాటలో అది "శనివారం రాత్రి ఫ్లైటే", టికెట్‌లో మాత్రం ఆదివారం తేదీ ఉంటుంది. మెయిల్‌లో 5 అని, టికెట్‌లో 6 అని ఉంటే ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. టికెట్ మీది తేదీనే రాయండి.

రెండోది 19, 20 తేదీలు. అవి వీకెండే కాబట్టి లీవ్ పెట్టనక్కర్లేదు, కానీ ఆఫీసు రోజులూ కావు. సెలవు పెట్టలేదు గనక కంపెనీ ఖర్చులోనే ఉన్నానని చాలామంది అనుకుని ఆ రెండు రోజులకూ పర్ డియమ్, అంటే రోజువారీ భత్యం, క్లెయిమ్ చేస్తారు. ఆఫీసు పనికోసం అక్కడ ఆగాల్సి వచ్చిందా, మీ ఇష్టంతో ఆగారా అన్నదే చూడాలి. పనుల మధ్య వచ్చిన 12, 13 తేదీల వీకెండ్ ఆఫీసుది. పని అయ్యాక వచ్చిన 19, 20 మీవి.

## 3. రెండు ఛార్జీలూ ఒకే రోజు, ఒకే గంటలో తీయించండి

తిరుగు ప్రయాణం వారం జరిగితే టికెట్ ధర మారుతుంది. పెరిగినంత మీరు కట్టడం మామూలుగా ఉండే పద్ధతి. కానీ ఎంత పెరిగిందో చూపడానికి ఆధారం ఉండాలి. ఈ రోజు ఒక ధర చూసి, వారం తర్వాత ఇంకో ధరతో పోల్చితే అది తేదీ మార్చినందుకు పెరిగిందో, ఆలస్యంగా కొన్నందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ట్రావెల్ డెస్క్‌ని రెండు కొటేషన్లు ఒకేసారి అడగండి. ఒకటి 6న వెళ్ళి 19న తిరిగి వచ్చేది. ఇంకొకటి 6న వెళ్ళి 26న వచ్చేది. రెండూ ఒకే ఎయిర్‌లైన్, ఒకే క్లాస్, ఒకే ఫేర్ టైప్‌లో ఉండాలి. మొదటిదాంట్లో తేదీ మార్చుకునే వీలున్న ఖరీదైన ఫేర్, రెండోదాంట్లో వీలులేని చవక ఫేర్ తీసుకుంటే పోలిక తప్పవుతుంది.

ఉదాహరణకి మొదటిది 78,000 రూపాయలు, రెండోది 84,500 అనుకుందాం. తేడా 6,500. అది ఆమె కట్టాలి. అలా కాకుండా రెండోది 74,000కే వచ్చిందనుకోండి, మిగిలిన 4,000 కంపెనీకి మిగిలినట్టే. దాన్ని హోటల్‌లోనో రైలు టికెట్‌లోనో సర్దుకోమని అడగకండి. అడిగితే ఇంతవరకు సాఫీగా నడిచిన ఫైల్ ఆడిట్‌కి వెళ్తుంది.

ప్రాగ్ నుంచో వియన్నా నుంచో నేరుగా ఇంటికి రావాలనుకున్నా పోలిక ఇదే. ఎప్పుడూ పోల్చాల్సింది పని జరిగిన ఊరికి వెళ్ళి, అక్కడి నుంచే వెంటనే తిరిగి వచ్చే టికెట్‌తో. అయితే మొదటిసారి కలుపుకునేవాళ్ళు పని జరిగిన ఊరి నుంచే తిరిగి రావడం మేలు. లెక్క తేలికగా ఉంటుంది, పని ఇంకా సాగితే మార్చుకోవడమూ తేలిక.

తేడా ఎలా కట్టాలో కూడా ఇప్పుడే అడగండి. కొన్ని చోట్ల ట్రావెల్ ఏజెంట్‌కి మీరే నేరుగా కడతారు, కొన్ని చోట్ల జీతంలో కోస్తారు. నేరుగా కడితే మీ పేరుతో రసీదు తీసుకోండి.

## 4. మాటతో మొదలుపెట్టి మెయిల్‌తో ఖాయం చేసుకోండి

మెయిల్ పెట్టేముందు మేనేజర్‌తో ఒకసారి మాట్లాడటం మర్యాద, పని కూడా అవుతుంది. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఆ వారంలో రిలీజ్ గానీ, క్లయింట్ రివ్యూ గానీ ఉందా? ఉంటే తేదీలు అక్కడే సర్దుకోవచ్చు. ఆయన నోటితో సరే అన్నాక అదే రోజు మెయిల్ వెళ్ళాలి.

మన ఆఫీసుల్లో మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తాం. అందులో ఉండాల్సిన విషయాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను, మీ మాటల్లోకి మార్చుకోండి.

> సబ్జెక్ట్: ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసు ప్రయాణం, 6–19 సెప్టెంబర్ 2026: 19–26 సొంత రోజులకు అనుమతి కోసం
>
> మనం ఈ రోజు మాట్లాడుకున్న విషయం ఇది. దయచేసి చూసి అనుమతి తెలపగలరు.
>
> 1. ఆఫీసు పని: సెప్టెంబర్ 7 నుంచి 18 వరకు. కంపెనీ ఖర్చు 6న బయల్దేరినప్పటి నుంచి 19 ఉదయం హోటల్ చెకౌట్ వరకు.
> 2. సొంత సమయం: 19 చెకౌట్ తర్వాత నుంచి 26న విమానం ఎక్కేవరకు. ఇందులో 21 నుంచి 25 వరకు 5 రోజుల ఎర్న్‌డ్ లీవ్. 19, 20, 26, 27 వారాంతపు సెలవులు.
> 3. ఈ సమయంలో హోటల్, భోజనం, స్థానిక ప్రయాణం, ఇన్సూరెన్స్ నా సొంత ఖర్చు. పర్ డియమ్ తీసుకోను.
> 4. విమాన ఛార్జీ: 19న తిరుగు ప్రయాణమైతే 78,000 రూపాయలు, 26న అయితే 84,500. తేడా 6,500 నేను కడతాను. రెండు కొటేషన్లు జతచేశాను.
> 5. తిరుగు ప్రయాణపు రోజు పర్ డియమ్ వర్తిస్తుందో లేదో తెలపగలరు.
> 6. 28న డ్యూటీలో చేరతాను. సెలవు రోజుల్లో నా పనులు చూసేవారి పేరు కింద ఇచ్చాను.
>
> పై తేదీలకు, ఖర్చుల విభజనకు మీ అనుమతి కోరుతున్నాను.

"టు"లో మేనేజర్, బడ్జెట్ చూసేవారు ఇద్దరూ ఉండాలి. "సీసీ"లో హెచ్ఆర్, ట్రావెల్ డెస్క్. బడ్జెట్ చూసేవారిని సీసీలో పెట్టి ఊరుకోకండి. సీసీలో ఉన్నవాళ్ళు జవాబివ్వాల్సిన పని లేదనుకుంటారు.

అయిదో పాయింట్ ఎందుకంటే, ఎలాగూ ఇంటికి రావాల్సిందే కాబట్టి తిరుగు ప్రయాణపు రోజుకి పర్ డియమ్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ఆ రోజు సొంత సమయం తర్వాత వచ్చింది కాబట్టి ఇవ్వనివీ ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదు, ముందే తేలాలి.

## 5. ఎలాంటి జవాబు వస్తే అనుమతి వచ్చినట్టు?

"ఓకే" అని ఒక్క మాట వచ్చింది. సరిపోతుందా? మీ పూర్తి మెయిల్ కిందే ఆ జవాబు ఉంటే, అందులో తేదీలూ ఖర్చులూ ఉన్నాయి కాబట్టి పనికొస్తుంది. అదే "ఓకే" చాట్‌లోనో వాట్సాప్‌లోనో వస్తే పనికిరాదు. దేనికి ఓకే అన్నారో రేపు ఎవరికీ తెలియదు. పైగా ఆఫీసు చాట్‌లు కొన్నాళ్ళకి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టే కంపెనీలు ఉన్నాయి.

చాట్‌లో వస్తే విసుక్కోకుండా మెయిల్‌కి తెచ్చుకోండి: "చాట్‌లో మీరు అనుమతి ఇచ్చినందుకు థ్యాంక్స్. రికార్డు కోసం ఈ మెయిల్ మీద కూడా ఒక్క లైన్ రాయగలరా?" ఇలా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

ఒక పని మాత్రం చేయకండి. "రెండు రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే భావిస్తాను" అని రాయడం. మేనేజర్ సెలవులో ఉండి ఆ మెయిల్ చూడకపోతే మీ దగ్గర మిగిలేది మీ మాటే. రెండు మూడు పని రోజులు చూసి అదే మెయిల్ మీద గుర్తు చేయండి, తర్వాత ఫోన్ చేయండి. జవాబు వచ్చేదాకా టికెట్ తీయించకండి.

షరతులతో జవాబు వచ్చిందనుకోండి: "సరే, కానీ 22న క్లయింట్ కాల్‌కి అందుబాటులో ఉండాలి." అప్పుడు ఆ రోజు సెలవా, పని రోజా? గంట కాల్ కోసం రోజంతా సెలవు పోగొట్టుకోవడం న్యాయం కాదు. సెలవు రోజున పని చేస్తే ఇన్సూరెన్స్ విషయంలోనూ తికమక వస్తుంది. "22న కాల్ తప్పనిసరైతే ఆ రోజుని పని రోజుగా మార్చి సెలవు నాలుగు రోజులు చేస్తాను, లేదా ఆ కాల్ నా బదులు వేరేవారు చూస్తారు, ఏది మంచిదో చెప్పండి" అని అదే మెయిల్ మీద రాసి తేల్చుకోండి.

జవాబు వచ్చాక:

- మొత్తం మెయిల్ థ్రెడ్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. ఒక ప్రింట్ తీసుకోండి.
- సొంత మెయిల్ ఐడీకి ఫార్వర్డ్ చేసేముందు కంపెనీ నియమం చూడండి. చాలా చోట్ల అది నిషిద్ధం.
- ట్రావెల్ రిక్వెస్ట్ టూల్‌లో ఆ పీడీఎఫ్‌ని జతచేయండి. మీ మేనేజర్ వేరే టీమ్‌కి మారినా రికార్డు అక్కడ ఉంటుంది.

## 6. వీసా కాగితాల్లో కూడా అవే తేదీలు

ఇక్కడ జరిగే తప్పు డబ్బుతో సరిపోదు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

జర్మనీ వెళ్ళడానికి షెంగెన్ సి టైప్ వీసా కావాలి, అంటే షెంగెన్ ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాలన్నిటికీ కలిపి చెల్లే స్వల్పకాల వీసా. ఏ 180 రోజుల్లోనైనా గరిష్ఠంగా 90 రోజులు ఉండొచ్చన్నది మొత్తం నియమం. కానీ మీకు ఇచ్చే వీసాలో తక్కువ రోజులే ఉండొచ్చు. స్టిక్కర్ మీద మూడు వివరాలు వేరువేరుగా ఉంటాయి: ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుంది, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు, మొత్తం ఎన్ని రోజులు ఉండొచ్చు.

క్లయింట్ పంపిన ఇన్విటేషన్ లెటర్‌లో 7 నుంచి 18 అని ఉంటుంది. కంపెనీ కవరింగ్ లెటర్‌లోనూ ఆఫీసు తేదీలే ఉంటే, కాన్సులేట్ 14 రోజుల బసకే వీసా ఇవ్వొచ్చు. చెల్లుబాటు గడువుకి మాత్రం మామూలుగా 15 రోజులు అదనంగా కలుపుతారు, ప్రయాణం అటూ ఇటూ జరిగితే ఇబ్బంది లేకుండా. దాంతో స్టిక్కర్ మీద అక్టోబర్ తేదీ కనిపిస్తుంది. అది చూసి "అక్టోబర్ దాకా ఉండొచ్చు" అనుకునేవాళ్ళు ఉన్నారు. ఉండకూడదు. రోజుల గడిలో 14 అని ఉంటే 14 రోజులే.

మన అమ్మాయి లెక్క చూడండి. 6న ప్రవేశం, 26న నిష్క్రమణ. వచ్చిన రోజూ వెళ్ళిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి కాబట్టి 21 రోజులు. 14 రోజుల వీసాతో ఉంటే వారం రోజులు అక్రమంగా ఉన్నట్టు. విమానాశ్రయంలోనే అది బయటపడుతుంది, తర్వాత వీసాలకు అడ్డం వస్తుంది.

అందుకే అనుమతి మెయిల్ వచ్చాకే వీసా అప్లికేషన్ వేయాలి. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు, గరిష్ఠంగా ఆరు నెలల ముందు వేయొచ్చు. నిజానికి స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి అనుమతి పని రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

కంపెనీ కవరింగ్ లెటర్‌లో ఈ రెండు వాక్యాలు ఉండేలా హెచ్ఆర్‌ని అడగండి: "సెప్టెంబర్ 6 నుంచి 19 వరకు ఆఫీసు ప్రయాణం, ఖర్చు కంపెనీది. 19 నుంచి 26 వరకు ఉద్యోగి కంపెనీ అనుమతితో సొంత సెలవులో, సొంత ఖర్చుతో ఉంటారు, 28న తిరిగి విధుల్లో చేరతారు." దీనికి తోడు సొంత రోజుల హోటల్ బుకింగ్‌లు, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయండి. అప్లికేషన్‌లో ముఖ్య ప్రయోజనం బిజినెస్ అని, అదనపు వివరాల్లో పర్యాటకం అని రాయండి. దాచాల్సిన పనేమీ లేదు, బిజినెస్ పనిమీద వచ్చినవాళ్ళు ఊళ్ళు చూడటం సి టైప్ వీసాలో తప్పు కాదు.

ప్రాగ్, వియన్నా షెంగెన్‌లోనివే కాబట్టి ఒక్క వీసా చాలు. స్విట్జర్లాండ్ కూడా అంతే. లండన్ అలా కాదు. దానికి వేరే వీసా కావాలి, పైగా సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసాతో లండన్ వెళ్తే మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోకి రానివ్వరు. అక్కడి నుంచి తిరుగు టికెట్ ఉన్నా సరే.

## 7. ఇన్సూరెన్స్: ఇండియాలో ఉండగానే తేల్చుకోండి

కంపెనీ తీసేది బిజినెస్ ట్రావెల్ పాలసీ. కొన్ని పాలసీలు ఆఫీసు ట్రిప్‌కి ఆనుకుని వచ్చే కొద్ది సొంత రోజుల్ని కూడా కవర్ చేస్తాయి, కొన్ని చేయవు. "19 నుంచి 26 వరకు సొంత రోజులు మా పాలసీలో కవర్ అవుతాయా?" అని తేదీలతో మెయిల్ రాసి జవాబు తెచ్చుకోండి. కవర్ అయితే సర్టిఫికెట్ మీద తేదీలు కూడా పొడిగించి ఇవ్వమనండి. మాట ఒకటి, సర్టిఫికెట్ మరొకటి అయితే అక్కడి ఆసుపత్రి సర్టిఫికెట్‌నే చూస్తుంది.

కవర్ కాకపోతే సొంత పాలసీ కొనాలి. "19 వరకు కంపెనీది ఉంది కదా, అక్కడికి వెళ్ళాక మిగిలిన రోజులకు కొనుక్కుందాం" అని వాయిదా వేయకండి. మన దేశంలో అమ్మే ట్రావెల్ పాలసీలు సాధారణంగా ఇండియా నుంచి బయల్దేరకముందే కొనాలి. ప్రయాణం మధ్యలో నుంచి మొదలయ్యేలా కొన్ని కంపెనీలు ఇవ్వవు కూడా. తేలిక దారి ఏమిటంటే, మొత్తం ప్రయాణానికి, అంటే 5 నుంచి 27 దాకా, సొంత పాలసీ ఒకటి తీసుకోవడం. కొద్ది రోజులు రెండు పాలసీలు కలుస్తాయి, నష్టమేమీ లేదు.

షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ, మొత్తం బస కాలానికి ఉండాలి. కంపెనీ సర్టిఫికెట్ 19తో ముగిసి, మీ అప్లికేషన్ 26 దాకా ఉంటే ఆ కాగితంతోనే అభ్యంతరం వస్తుంది.

## 8. లీవ్, టైమ్‌షీట్, టికెట్: ఈ వరసలోనే

మెయిల్ అనుమతి వచ్చిన రోజే పోర్టల్‌లో 21 నుంచి 25 వరకు లీవ్ పెట్టండి. రిమార్క్స్ గడిలో "ఫ్రాంక్‌ఫర్ట్ ట్రిప్‌కి జతగా, మెయిల్ అనుమతి తేదీ ఫలానా" అని రాయండి. ఆ ఒక్క లైన్‌తో రెండు రికార్డులూ కలుస్తాయి.

ఐటీవాళ్ళు టైమ్‌షీట్ సంగతి మరిచిపోతారు. ట్రిప్ మొత్తానికి ప్రాజెక్ట్ కోడ్ ముందే నింపి ఉంటే సెలవు రోజులు కూడా క్లయింట్‌కి బిల్ అవుతాయి. 21 నుంచి 25 వరకు లీవ్ కోడ్ ఉందో లేదో వెళ్ళేముందే చూసుకోండి.

తర్వాతే టికెట్. వచ్చిన టికెట్ మీద తిరుగు తేదీని మెయిల్‌తో పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఈలోగా ఛార్జీ మారి ఉంటే ట్రావెల్ డెస్క్‌ని రెండు కొటేషన్లూ కొత్తగా తీయించి, "తేడా ఇప్పుడు ఇంత అయింది, ఇది నేను కడుతున్నాను" అని అదే థ్రెడ్‌లో రాయండి.

## 9. ప్లాన్ మారితే

పని గడువు పెరిగింది. శుక్రవారం ముగియాల్సిన పని సోమవారం 21 దాకా సాగిందనుకోండి. అప్పుడు 19, 20 తేదీలు కూడా ఆఫీసు పనికోసం ఆగిన రోజులవుతాయి. అదే రోజు, శుక్రవారమే, పాత థ్రెడ్ మీద రాయండి: "క్లయింట్ కోరిక మేరకు పనిని 21 వరకు పొడిగించారు. 19, 20, 21 రాత్రుల హోటల్, పర్ డియమ్ కంపెనీ ఖర్చుగా, 21వ తేదీ లీవ్ రద్దుగా అనుమతించగలరు. సొంత సమయం 22 ఉదయం నుంచి." ఇంటికి వచ్చాక చెబుదాం అనుకుంటే ఆ మూడు రాత్రుల బిల్లు మీమీదే పడొచ్చు. ప్రాగ్ హోటల్ మొదటి మూడు రాత్రులు వృథా అవుతాయి, వాటిని కంపెనీ ఇవ్వడం అరుదు. అందుకే సొంత హోటళ్ళను రద్దు చేసుకునే వీలున్న రేటుకే బుక్ చేయండి.

ట్రిప్ వాయిదా పడింది. పాత అనుమతి ఆ తేదీలకు ఇచ్చినది. కొత్త తేదీలతో, కొత్త కొటేషన్లతో మళ్ళీ అడగాలి. "ముందు ఒప్పుకున్నారు కదా" అన్న మాట చెల్లదు.

సెలవులో జబ్బు చేసింది. ముందు ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్, ఆ వెంటనే మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి మెయిల్. తిరుగు ప్రయాణం జరిగితే ఆ రోజులు ఏ లీవ్ కింద పడతాయో, టికెట్ మార్పు ఖర్చు ఎవరిదో అప్పుడే అడగండి. వీసా రోజులు దాటేలా ఉంటే ముగియకముందే అక్కడి విదేశీయుల కార్యాలయాన్ని సంప్రదించాలి.

## 10. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు కొంచెం వేరు

కేంద్ర ప్రభుత్వంలో, దాని పరిశోధన సంస్థల్లో పనిచేసేవాళ్ళకి మెయిల్ చాలదు, ఆర్డర్ కావాలి. టూర్ ఆర్డర్ వేరు, సెలవు మంజూరు వేరు, సొంతంగా విదేశంలో ఉండటానికి అనుమతి వేరు. మూడింటిలోనూ తేదీలు ఒకదానికొకటి అతికేలా ఉండాలి. సెలవు సీసీఎస్ లీవ్ రూల్స్, 1972 కింద ఫారం 1లో అడగాలి, ముందూ వెనకా వచ్చే సెలవు దినాలను ప్రిఫిక్స్, సఫిక్స్‌గా అందులోనే చూపాలి. సెలవు రోజులకు రోజువారీ భత్యం రాదు.

ఆఫీసు పనికి తెల్ల రంగు అఫీషియల్ పాస్‌పోర్ట్ మీద వెళ్తుంటే ముందే ఆగి ఆలోచించండి. అది ప్రభుత్వ పనికోసం ఇచ్చినది. సొంత రోజుల్ని దానిమీద గడపొచ్చో లేదో మీ పరిపాలన విభాగం నుంచి రాతలో తెచ్చుకోకుండా టికెట్ జోలికి వెళ్ళొద్దు.

## 11. వచ్చాక క్లెయిమ్ వేసేటప్పుడు

క్లెయిమ్ చూసేవాళ్ళకి మీ కథ తెలియదు. వాళ్ళ ముందు 26వ తేదీ బోర్డింగ్ పాస్ ఉంటుంది, 19తో ఆగిపోయిన హోటల్ బిల్లు ఉంటుంది. మధ్యలో వారం ఏమైందని అడక్కముందే జవాబు జతచేయండి.

- అనుమతి మెయిల్ థ్రెడ్ పీడీఎఫ్, మార్పులు ఉంటే వాటితో సహా
- రెండు ఛార్జీ కొటేషన్లు, తేడా కట్టిన రసీదు
- 6 నుంచి 19 ఉదయం వరకు హోటల్ బిల్లు. అదే హోటల్‌లో ఇంకా ఉంటే 19 నుంచి వేరే బిల్లు
- పోర్టల్‌లో లీవ్ అప్రూవ్ అయిన స్క్రీన్‌షాట్
- రెండు వైపులా బోర్డింగ్ పాస్‌లు

హోటల్ బిల్లు విషయంలో చెకౌట్ రోజునే జాగ్రత్తపడాలి. అదే హోటల్‌లో సొంత రాత్రులు ఉంటే 19 పొద్దున రిసెప్షన్‌కి వెళ్ళి అప్పటివరకు బిల్లు ముగించమని, కొత్త బిల్లు మీ పేరుతో, మీ కార్డు మీద మొదలుపెట్టమని అడగండి. కంపెనీ ఇచ్చిన ఫారెక్స్ కార్డుని కూడా ఆ పూట నుంచే పక్కన పెట్టేయండి. ప్రాగ్‌లో ఒక్క రైలు టికెట్ దానిమీద కొన్నా, స్టేట్‌మెంట్‌లో 22వ తేదీతో అది కనిపిస్తుంది, మొత్తం క్లెయిమ్ వెనక్కి వస్తుంది. పొరపాటున వాడేసి ఉంటే క్లెయిమ్‌లో మీరే ముందుగా "సొంత ఖర్చు, తిరిగి కడుతున్నాను" అని చూపించి ఆ మొత్తం కట్టేయండి.